తెరిచారు, మూశారు, ఇక అడగడానికి ఏమీ లేదు

రెండేళ్ల క్రితం ఒక రాత్రి పదకొండు దాటాక నా ఫోన్‌కు ఒక ఫొటో వచ్చింది. పంపినాయన ఢిల్లీలో ఒక మంత్రిత్వ శాఖలో మధ్యస్థాయి అధికారి. ఆయనతో పదేళ్ల పరిచయం. వచ్చినది మామూలు ఫొటో కాదు. ఒక్కసారి తెరిచి చూడగానే మాయమయ్యే రకం, వాట్సాప్‌లో ‘వ్యూ వన్స్’ అంటున్నామే, అది. తెరిచాను. నోట్ ఫైలులోని ఒక పుట. ఒక టెండరులో అర్హత నిబంధనను సడలించడం గురించిన నాలుగు పేరాలు, కింద రెండు సంతకాలు. స్క్రీన్‌షాట్ తీయబోతే యాప్ ఒప్పుకోలేదు. చేతికందే దూరంలో రెండో ఫోన్ లేదు. కలం కోసం పక్కకు తిరిగిన క్షణంలో వేలు తగిలింది, పుట మూసుకుపోయింది. చాట్‌లో మిగిలింది, ఆ ఫొటోను తెరిచినట్టు చెప్పే ఒక్క మాట, పక్కన సమయం. అంతే.

మరునాడు ఉదయం సంపాదకుడు అడిగిన మొదటి ప్రశ్న చిన్నది. ఆ నోట్‌లో సడలింపును ‘పరిశీలించవచ్చు’ అన్నారా, ‘సడలించడమైనది’ అన్నారా? మొదటిదైతే అది కింది ఉద్యోగి ప్రతిపాదన. రెండోదైతే అధికారి నిర్ణయం. కథనం మొత్తం ఆ ఒక్క క్రియాపదం మీద నిలబడి ఉంది. నాకు రెండోదే గుర్తు. అదే ఫొటో అందుకున్న మరో పాత్రికేయ మిత్రుడికి మొదటిది గుర్తు. ఇద్దరం అబద్ధం చెప్పడం లేదు. ఇద్దరిలో ఒకరు పొరబడ్డారు. ఎవరన్నది తేల్చే మార్గం మాత్రం ఈనాటికీ లేదు.

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. ఆ ఫైలులోని పుట నకలు వచ్చింది. అందులో ఒక్కటే సంతకం, ‘పరిశీలించవచ్చు’ అన్న మాట. నేను చూసినప్పుడు రెండు సంతకాలు ఉన్నాయని ఇద్దరికీ గుర్తే. అంటే మూడింటిలో ఏదో ఒకటి జరిగి ఉండాలి. మేం చూసినది తర్వాత పక్కన పెట్టేసిన ముసాయిదా అయినా కావాలి. లేదా అసలు పుటను తీసేసి కొత్త పుటను చేర్చి ఉండాలి. లేదా మా ఇద్దరినీ ఒక తప్పుడు కథనంలోకి దింపడానికి ఎవరో తయారుచేసిన నకిలీ పుట అయి ఉండాలి. మొదటిది కార్యాలయాల్లో రోజూ జరిగేదే. రెండోది నేరం. మూడోది కుట్ర. ఆ ఫొటో ఉండి ఉంటే పుట సంఖ్య, పేరా సంఖ్యలు, సంతకాల కింది తేదీలు పోల్చి ఒక పూటలో తేల్చేవాళ్లం. ఫొటో లేదు గనుక ఈ మూడూ సమానంగా సాధ్యమే, సమానంగా నిరూపించలేనివే. ఆ కథనం రాయలేదు. రాయకపోవడమే సరైనదని ఇప్పటికీ అనుకుంటాను. అయితే ఆ మౌనం వల్ల లాభపడింది ఎవరన్న ప్రశ్న నన్ను వదలలేదు.

ఈ రకం ఫొటోల గురించి మన చర్చంతా గోప్యత చుట్టూ తిరుగుతోంది. గోప్యత విలువైనదే, దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు గుర్తించవలసింది ఇంకొకటి ఉంది. మాయమయ్యే ఫొటో కేవలం ఒక ఫొటోను చెరిపేయదు. దాని గురించి తర్వాత ఎవరైనా అడగబోయే ప్రశ్నను ముందే చెరిపేస్తుంది. అది ఎలా జరుగుతుందో చూడాలంటే ఫోన్‌లో ఏం మిగులుతుంది, ఏం మిగలదు అన్న లెక్క తెలియాలి.

వాట్సాప్ ఈ సదుపాయాన్ని 2021 ఆగస్టులో తెచ్చింది. అంతకు ముందు ఏడాది, 2020 నవంబరులో, ఏడు రోజుల్లో మాయమయ్యే సందేశాలు వచ్చాయి. 2021 చివరికి ఆ గడువును 24 గంటలుగానో 90 రోజులుగానో కూడా పెట్టుకునే వీలు కలిగింది. ‘వ్యూ వన్స్’ ఫొటో పంపినప్పుడు అది పంపినవారి ఫోన్‌లోనే గుప్తలిపిలోకి మారి సంస్థ సర్వర్‌కు చేరుతుంది. దాన్ని విప్పే తాళంచెవి రెండు చివర్ల ఉన్న ఫోన్ల దగ్గరే ఉంటుంది, సంస్థ దగ్గర ఉండదు. అందుకున్నవారు 14 రోజుల్లోగా తెరవకపోతే ఫొటో గడువు తీరిపోతుంది. తెరిచి మూస్తే అక్కడితో సరి. అది గ్యాలరీలో చేరదు, ఇంకొకరికి పంపడానికి వీలుండదు. పంపినవారు కూడా తమ చాట్‌లోంచి దాన్ని మళ్లీ తెరవలేరు. గుప్తలిపిలోని ప్రతి సర్వర్‌లో కొద్ది వారాలు ఉండవచ్చని సంస్థే చెబుతోంది. అయితే తాళంచెవి లేని పెట్టె న్యాయస్థానానికీ పనికిరాదు, పోలీసుకూ పనికిరాదు.

ఇప్పుడు ఒక ఫొటో గురించి ఎవరైనా అడగగల ప్రశ్నలను నాలుగుగా విడదీయండి. ఎవరు పంపారు? ఎప్పుడు పంపారు? అందులో ఏముంది? ఉన్నది నిజమా? మొదటి రెండింటికీ జవాబు చాట్‌లో మిగిలే ఉంటుంది: ఫలానా సంఖ్య నుంచి, ఫలానా వేళకు, ఒక ఫొటో. మూడో ప్రశ్న దగ్గర జ్ఞాపకం తప్ప మరేదీ లేదు. నాలుగో ప్రశ్న మూడోదాని మీద ఆధారపడినది గనుక అది కూడా కూలిపోతుంది. ఒక ఫొటో నిజమో కాదో తేల్చే వృత్తిలో ఉన్నవారు చేసే పనులన్నీ ఫొటో చేతిలో ఉంటేనే సాధ్యం. నెట్‌లో దాని పాత రూపాలను వెతకడం, నీడల దిశ చూడడం, గోడ మీది బోర్డును ఆ ఊరి బోర్డుతో పోల్చడం, అక్షరాల అంచులు కత్తిరించి అతికించినట్టున్నాయేమో పెద్దది చేసి చూడడం, ఇవన్నీ రెండోసారి చూసే పనులు. సాక్ష్యాన్ని సాక్ష్యంగా మార్చేది ఆ రెండో చూపే. ఈ సదుపాయం పేరే ఒక్కసారి మాత్రమే అని.

రెండో ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు కదా అంటారు. తీసుకోవచ్చు, చాలామంది తీసుకుంటున్నారు కూడా. అయితే అప్పుడు మీ చేతిలో ఉన్నది ఆ ఫొటో కాదు, ఆ ఫొటో చూపిస్తున్న ఒక తెరకు తీసిన ఫొటో. అది మీ ఫోన్‌లో పుట్టింది, దాని తేదీ మీ ఫోన్ తేదీ. పంపినవారు “నేను పంపినది అది కాదు, వేరే ఫొటో. దీన్ని మీరే సృష్టించారు” అంటే, చాట్‌లో మిగిలిన ఆ ఒక్క మాట ఆయన వాదాన్ని ఖండించదు, మీ వాదాన్ని బలపరచదు. ఫోరెన్సిక్ ప్రయోగశాలలు చెరిపేసిన వాటిని కొన్నిసార్లు వెలికితీస్తాయి. అయితే నేటి ఫోన్లలో నిల్వ మొత్తం గుప్తలిపిలోనే ఉంటుంది, చెరిపిన చోటును ఫోన్ మళ్లీ మళ్లీ వాడుకుంటుంది. వారాలు గడిచాక ఫోన్ అందించి అద్భుతం ఆశించకూడదు.

చట్టం దగ్గరికి వద్దాం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో ఎలక్ట్రానిక్ రికార్డుల సంగతి 63వ సెక్షన్ చెబుతుంది. పాత చట్టంలో ఇది 65బి. ఎలక్ట్రానిక్ రికార్డు నకలును సాక్ష్యంగా పెట్టాలంటే ధ్రువపత్రం ఉండాలి. కొత్త చట్టంలోని ధ్రువపత్రం నమూనా ఆ ఫైలు హ్యాష్ విలువను కూడా అడుగుతుంది. హ్యాష్ అంటే ఆ ఫైలులోని ప్రతి బిట్‌నూ లెక్కగట్టి తీసిన ఒక వేలిముద్ర. ఒక్క చుక్క మారినా వేలిముద్ర మారిపోతుంది. మనిషే లేనప్పుడు వేలిముద్ర ఎక్కడి నుంచి తేవాలి? రెండో ఫోన్‌లోని ఫొటోకు హ్యాష్ తీయవచ్చు. అది ఆ రెండో ఫొటో వేలిముద్రే అవుతుంది గాని, వచ్చిన ఫొటోది కాదు.

దాచి ఉంచిన రికార్డుకు ఎంత బలం ఉంటుందో మన సుప్రీంకోర్టు తీర్పే చెబుతుంది. మహారాష్ట్రలోని జాల్నా శాసనసభ స్థానానికి 2014లో జరిగిన ఎన్నికలో ఒక అభ్యర్థి నామినేషన్ పత్రాలు సెప్టెంబరు 27న మధ్యాహ్నం మూడు గంటల గడువు లోపల అందాయా, దాటాక అందాయా అన్నది వివాదం. రిటర్నింగ్ అధికారి కార్యాలయంలో కెమెరా నడుస్తోంది. ఆ చిత్రీకరణ భద్రంగా ఉంది. దానికి ధ్రువపత్రం ఇమ్మంటే అధికారులు ఇవ్వలేదు. అయినా బాంబే హైకోర్టు ఎన్నికను రద్దు చేసింది. 2020 జులైలో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని నిలబెట్టింది, అదే తీర్పులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం ఎప్పుడు తప్పనిసరో కూడా తేల్చింది. అధికారులు సహకరించని చోట కూడా, అయిదేళ్లు గడిచాక కూడా, ‘ఎప్పుడు’ అన్న ప్రశ్నకు జవాబు దొరికింది. కారణం ఒక్కటే. ఆ కెమెరాకు మాయం చేసే గడియారం లేదు.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే ఉదంతం 2025 మార్చిలో అమెరికాలో జరిగింది. యెమెన్‌లో హూతీల మీద దాడుల గురించి అక్కడి జాతీయ భద్రతా పెద్దలు సిగ్నల్ యాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. పొరపాటున ‘ది అట్లాంటిక్’ సంపాదకుడు జెఫ్రీ గోల్డ్‌బర్గ్‌ను కూడా అందులో చేర్చారు. సందేశాల్లో కొన్ని వారానికి, కొన్ని నాలుగు వారాలకు మాయమయ్యేలా అమర్చారు. విషయం బయటపడగానే, అందులో రహస్య సమాచారమేదీ లేదని ప్రభుత్వం వాదించింది. అప్పుడు గోల్డ్‌బర్గ్ తన దగ్గర ఉన్న స్క్రీన్‌షాట్లలోని సందేశాలను ప్రచురించారు. విమానాలు ఏ వేళకు బయల్దేరేదీ అందులో ఉంది. పాఠకులే చదివి నిర్ణయించుకోగలిగారు.

ఆ తర్వాత జరిగినది మన చర్చకు ఇంకా ముఖ్యం. సందేశాలను భద్రపరచాలని న్యాయమూర్తి జేమ్స్ బోస్‌బర్గ్ ఆదేశించారు. సీఐఏ తన డైరెక్టర్ ఫోన్‌ను పరిశీలించి కోర్టుకు చెప్పింది ఏమిటంటే, గ్రూపు పేరు, కొన్ని అమరికల మార్పుల సమాచారం కనిపిస్తున్నాయి గాని అసలు సందేశాల సారం లేదని. నా చాట్‌లో మిగిలిన ఆ ఒక్క మాటకు ఇది జంట. పెంకు ఉంది, గింజ లేదు. ప్రపంచంలోనే అత్యంత శక్తిమంతమైన ప్రభుత్వంలో ఒక యుద్ధ నిర్ణయం గురించి పౌరుడికి తెలిసినది, చట్టం వల్ల కాదు, దస్తావేజు వల్ల కాదు, పొరపాటున గదిలోకి వచ్చిన ఒక బయటివాడు అద్దం పట్టుకుని ఉండడం వల్ల. సిగ్నల్ గ్రూపులోని మామూలు సందేశాలకు స్క్రీన్‌షాట్ సాధ్యమైంది. అదే సమాచారం ఒక్కసారి చూసే ఫొటో రూపంలో వచ్చి ఉంటే గోల్డ్‌బర్గ్ చేతిలో కూడా నాలాగే జ్ఞాపకం మాత్రమే ఉండేది.

మన దగ్గర పరిస్థితి ఇంతకంటే బలహీనం. సమాచార హక్కు చట్టం 2005 ప్రకారం ప్రభుత్వ సంస్థ తన ఆధీనంలో ఉన్న సమాచారాన్నే ఇవ్వాలి. లేనిదాన్ని సృష్టించి ఇవ్వనక్కర లేదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. న్యాయంగానే చెప్పింది. దాని పర్యవసానం మాత్రం చూడండి. ఒక నిర్ణయం మాయమయ్యే ఫొటోల మీద జరిగితే, నెల తర్వాత దరఖాస్తు వచ్చేసరికి ఆ సమాచారం ‘ఆధీనంలో లేదు’. ఆ జవాబులో అబద్ధం లేదు. అబద్ధం చెప్పవలసిన అవసరాన్నే యాప్ తీసేసింది. పూర్వం ఫైలు మాయం చేయాలంటే ఒక మనిషి బీరువా తెరవాలి, రిజిస్టరులో నమోదును దాటాలి, ఎవరి కంటా పడకుండా బయటికి నడవాలి. అది పని, ఆ పనికి సాక్షులుంటారు. ఇప్పుడు మాయం కావడమే సహజ స్థితి, ఉంచడమే ప్రత్యేకంగా చేయవలసిన పని అయింది.

కేంద్ర ప్రభుత్వానికి, కేంద్రపాలిత ప్రాంతాలకు వర్తించే పబ్లిక్ రికార్డ్స్ చట్టం 1993లో వచ్చింది. కంప్యూటరుతో గాని మరే పరికరంతో గాని ఉత్పత్తి అయిన సామగ్రి కూడా పబ్లిక్ రికార్డేనని దాని నిర్వచనం చెబుతుంది. నిర్దేశించిన పద్ధతిలో తప్ప రికార్డును ధ్వంసం చేయకూడదు. చేస్తే అయిదేళ్ల దాకా జైలు, లేదా పదివేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చదివితే ధైర్యం కలుగుతుంది. అయితే ఈ నిబంధన ఎప్పుడు పనిచేస్తుంది? ఫలానా రికార్డు ఉండేది, దాన్ని ధ్వంసం చేశారు అని చూపించగలిగినప్పుడు. అది రికార్డేనా, ఎవరి ఇంటి పెళ్లి ఫొటోనా అన్నది తేల్చవలసింది ఆ ఫొటోయే. అది లేదు. నేరం తన నిరూపణను తనతో పాటే తీసుకుపోయింది.

ఇక్కడ ప్రతివాదం ఒకటి ఉంది, దాన్ని పక్కకు తోసేయడం నిజాయితీ కాదు. నాకు ఆ పుట పంపిన అధికారి అలా ఎందుకు పంపారు? భయంతో. మామూలు ఫొటో అయితే నా ఫోన్ ఎవరి చేతికి చిక్కినా ఆయన ఉద్యోగం పోతుంది. ఈ దేశంలో పాత్రికేయుల ఫోన్లు జప్తు చేయడం కొత్త కాదు. తన శరీరపు ఫొటోను నమ్మిన మనిషికి పంపే యువతికి కూడా ఈ సదుపాయం కొంత రక్షణే. కొంతే, ఎందుకంటే రెండో ఫోన్ ఆమెకు కూడా శత్రువే. 2024 సెప్టెంబరులో జెంగో సంస్థ పరిశోధకులు వెబ్ రూపంలో ఈ కట్టడిని దాటవచ్చని చూపించారు కూడా. అయినా బలహీనుడికి చెరిపేసే హక్కు ఉండాలన్న వాదాన్ని నేను ఒప్పుకుంటాను.

అయితే ఆ బలహీనుడు ఎప్పుడూ పంపేవాడే అనుకోవడంలో తప్పుంది. అసభ్యమైన ఫొటోను అడగని స్త్రీకి పంపేవాడు కూడా ఇదే బటను నొక్కుతాడు. ఆమె తెరిచి చూసి నివ్వెరపోయి మూసేలోగా సాక్ష్యం పోతుంది. యాప్‌లోనే ఫిర్యాదు చేస్తే ఫొటో సంస్థకు చేరుతుంది, ఆమె చేతికి మాత్రం రాదు. ఆమె ఠాణాకు వెళ్లి చూపగలిగేది మళ్లీ ఆ ఒక్క మాటే. పంపేవాడికి అనుకూలంగా ఉన్న ఈ వంపు యాదృచ్ఛికం కాదు. 2023లో వాట్సాప్ మాయమయ్యే సందేశాల్లో కొన్నిటిని అందుకున్నవారు ‘ఉంచుకునే’ వీలు కల్పించింది. ఉంచుకోగానే పంపినవారికి కబురు వెళ్తుంది, వారు వద్దంటే పోతుంది. అంటే సాక్ష్యం ఉండాలా వద్దా అన్న తుది మాట, ఎవరి మీద సాక్ష్యమో వారిదే. ఏ న్యాయవ్యవస్థలోనూ నిందితుడికి ఈ అధికారం లేదు.

నిర్దోషికి కూడా ఇది ఉచ్చే. “నాకు ఫలానా ఫొటో పంపాడు” అని ఎవరైనా ఆరోపిస్తే, పంపినది వాళ్ల ఊరి జాతర ఫొటోయే అయినా, ఆ మనిషి దాన్ని చూపి తప్పించుకోలేడు. చాట్‌లో ఒక ఫొటో వెళ్లిన గుర్తు ఉంది, వేళ ఉంది. ఏ ఫొటో అన్నది లేదు. ఆ ఖాళీలో ఎవరికి తోచినది వారు అతికించవచ్చు. నా అధికారి మిత్రుడిని ఎవరైనా నకిలీ పుట పంపావని నిందించినా ఆయన దగ్గర జవాబు లేదు.

కాబట్టి నేను అడిగేది యాప్‌లను నిషేధించమని కాదు. గుప్తలిపిని బద్దలు కొట్టమని అసలే కాదు. 2021 ఐటీ నిబంధనల్లో సందేశాన్ని మొదట పుట్టించినవారిని గుర్తించాలన్న షరతును వాట్సాప్ ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసినప్పుడు, పౌరుల గోప్యత పక్షాన రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. చిత్రమేమిటంటే, పౌరుడి ప్రతి సందేశానికీ మూలం కావాలని పట్టుబట్టిన ప్రభుత్వమే, తన అధికారుల ఫోన్లలో ఏ సందేశం ఎన్నాళ్లు ఉండాలన్న ప్రశ్న వేసుకోదు. నా కోరిక దీనికి తలకిందులు. పౌరుడికి చెరిపేసుకునే హక్కు ఉండాలి. పదవికి ఉండకూడదు.

ఆచరణలో ఇది పెద్ద పనేమీ కాదు. అమెరికా సమాఖ్య చట్టం, అధికారిక విషయాన్ని సొంత ఖాతాలో రాసుకున్న ఉద్యోగి 20 రోజుల్లోగా దాని ప్రతిని అధికారిక ఖాతాకు చేర్చాలంటుంది. సిగ్నల్ గ్రూపు విషయంలో కోర్టుకు వెళ్లినవారికి పట్టు దొరికింది ఇలాంటి నియమాల వల్లే. మనకు అలాంటి గడువు ఒకటి పబ్లిక్ రికార్డ్స్ చట్టంలో కావాలి. అధికారిక గ్రూపుల్లో మాయమయ్యే అమరికను నిషేధిస్తూ శాఖాపరమైన ఉత్తర్వు కావాలి. వాట్సాప్ గ్రూపులో ఆ అమరికను ఎవరు పెట్టారో చాట్‌లోనే నమోదవుతుంది గనుక ఉల్లంఘన ఇట్టే తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, అధికారిక వ్యవహారంలో ఒక్కసారి చూసే ఫొటో పంపడాన్నే తప్పుగా పరిగణించాలి, అందులో ఏముందో నిరూపించనక్కర లేకుండా. అందులో ఏముందో నిరూపించలేం గనుకనే.

ఎన్నికల సంఘం 2025 మే నెలాఖరులో పోలింగ్ చిత్రీకరణలను, పిటిషన్ ఏదీ దాఖలు కాకపోతే, 45 రోజుల తర్వాత ధ్వంసం చేయవచ్చని రాష్ట్రాలకు చెప్పింది. ఆ ఆదేశాన్ని నేను తప్పుబట్టాను, ఇప్పటికీ తప్పుబడతాను. అయితే అది కనీసం ఒక ఆదేశం. దానికి తేదీ ఉంది, సంతకం ఉంది, గడువు ఎంతో పదిమందికీ తెలుసు, కోర్టుకు పట్టుకెళ్లవచ్చు. ఫోన్‌లో మంత్రిగారి బొటనవేలు పెట్టే గడువుకు ఇవేవీ లేవు.

తోటి పాత్రికేయులకు ఒక మాట. ఇలాంటి ఫొటో వస్తే వెంటనే తెరవకండి. 14 రోజుల సమయం ఉంది. పంపినవారితో మాట్లాడండి, మామూలుగా పంపగలరా, కాగితం చూపగలరా అడగండి. తప్పదనుకుంటే పక్కన రెండో ఫోన్‌ను, ఇంకొక మనిషిని ఉంచుకుని, చాట్ తెరవడం దగ్గర నుంచి మూసేదాకా ఏకధాటిగా చిత్రీకరించండి. అది అసలు ఫొటోకు సాటి రాదు, ఉత్త జ్ఞాపకం కంటే మేలు. చూసిన వెంటనే, ఎవరితోనూ చర్చించకముందే, విడివిడిగా రాసుకోండి. అన్నీ చేశాక కూడా ఆ ఒక్క ఫొటో మీదే కథనం నిలబెట్టకండి.

నా డైరీలో ఆ రాత్రి తేదీ కింద ఒక వాక్యం ఉంది. ‘రెండు సంతకాలు. సడలించడమైనది(?)’. ఆ ప్రశ్నార్థకాన్ని ఆ రాత్రే పెట్టానో, మరునాడు మిత్రుడితో మాట్లాడాక పెట్టానో కూడా ఇప్పుడు నాకు గుర్తు లేదు.